ఏ ప్రసాద్?

ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరి మాటో తేలాలంటే ఇంటిపేరు అడిగితే చాలని మనలో చాలామంది నమ్మకం. కొన్నిచోట్ల నిజంగానే చాలు. తారక రామారావు పేరే తీసుకోండి. 1976లో పుట్టిన కల్వకుంట్ల తారక రామారావుకు ఆ పేరు పెట్టింది నందమూరి తారక రామారావు మీది అభిమానంతోనే. అక్కడ ఇంటిపేరు చెప్పగానే మనిషి తేలిపోతాడు. అదే 1983లో పుట్టిన నందమూరివారి మనవడికి తాతగారి పేరుతోపాటు ఇంటిపేరూ వచ్చింది. ‘ఎన్టీఆర్ యముడి సినిమా’ అన్నప్పుడు అది 1977 నాటి యమగోలో, 2007 నాటి యమదొంగో ఇంటిపేరు చెప్పలేదు. ‘పెద్దాయనదా, జూనియర్‌దా’ అని అడగాల్సిందే. మన కుటుంబాల్లో పేర్లు కలిసేదీ చాలావరకు ఈ దారినే. అన్నదమ్ములు తమ కొడుకులకు తండ్రి పేరు పెట్టుకుంటారు, పిల్లలందరికీ ఇంటిపేరు ఒకటే, ఊరూ ఒకటే. తికమకకు ఎక్కువ ఆస్కారం ఉన్నచోటే ఇంటిపేరు చేతులెత్తేస్తుందన్నమాట.

ఊళ్ళో ఉన్నంతకాలం దీనికి విరుగుడు ఉంటుంది. పెద్ద ప్రసాదు, చిన్న ప్రసాదు, మాస్టారి ప్రసాదు, మిల్లు ప్రసాదు. అయితే ఈ గుర్తులు ఆ ఊరివాళ్ళ నోళ్ళలోనే బతుకుతాయి. సముద్రం దాటినవాళ్ళకు ‘ప్రసాద్’ ఒక్కటే మిగులుతుంది. మాటామంతీ టేపుల మీద రికార్డు చేసి పరిశీలించిన హార్వీ సాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1979లో అచ్చయిన తమ వ్యాసంలో ఒక సంగతి చూపించారు. ఎవరి ప్రస్తావనైనా తెచ్చేటప్పుడు, ఎదుటివాళ్ళు గుర్తుపట్టగలరనుకుంటే వీలైనంత చిన్న మాటతోనే, తరచు ఒట్టి పేరుతోనే, సరిపెడతామని. ఇబ్బందంతా ఇక్కడే. చెప్పేవారి మనసులో ప్రసాద్ ఒక్కడే, వినేవారి మనసులోనూ ఒక్కడే, కాకపోతే ఇద్దరి ప్రసాదూ ఒకడు కాడు. అనుమానమే రానప్పుడు అడిగేదెవరు?

అనుమానం వచ్చి అడిగినా అడిగే తీరును బట్టి తప్పు అలాగే ఉండిపోవచ్చు. గుంటూరు నుంచి అత్తయ్య ఫోన్ చేసి, ‘ప్రసాద్‌కి గుండె ఆపరేషన్ అయిందిరా’ అందనుకుందాం. డాలస్‌లో ఉన్న మేనల్లుడు, ‘అయ్యో, మన బాబాయి కొడుకేనా?’ అంటాడు. ‘ఆఁ, వాడే’ అంటుంది ఆవిడ. అతని దృష్టిలో బాబాయంటే తనను పెంచి పెద్దచేసిన చిన్న బాబాయి. ఆవిడకేమో ఇద్దరు తమ్ముళ్ళు, ఇద్దరికీ ప్రసాద్ అనే కొడుకు ఉన్నాడు, ఇద్దరు తమ్ముళ్ళూ వీడికి బాబాయిలే. అడిగిన గుర్తు ఇద్దరికీ సరిపోయింది గనక జవాబు అబద్ధం కాదు, కానీ పలకరింపు ఫోను మాత్రం వేరే ఇంటికి వెళుతుంది. ‘అదేమిటి, మొన్ననేగా వాడు షటిల్ ఆడుతున్న ఫొటో పెట్టాడు’ అన్నట్టు ఏదో ఒక వివరం పొసగనప్పుడే బండారం బయటపడుతుంది. అలాంటి చిన్న తేడాను ‘ఏమోలే’ అని వదిలేయకూడదు. అతను ‘ఏ ప్రసాద్, అత్తయ్యా? ఏం చేస్తుంటాడు?’ అని అడిగి ఉంటే, ‘బ్యాంకులో చేసేవాడురా’ అన్న జవాబు ఆవిడ నోటినుంచే వచ్చేది. గుర్తు అడిగేవారు అందించకూడదు, చెప్పేవారి దగ్గరినుంచి రావాలి.

అమెరికా ఆసుపత్రుల్లో నర్సు ‘మీరు ఫలానా కదా’ అనకుండా, చేతికి పట్టీ ఉన్నా సరే, పేరూ పుట్టినతేదీ మీరే చెప్పండని అడగడం వెనక ఉన్నదీ ఇదే లెక్క. మగతలో ఉన్నవాళ్ళు, భాష సరిగా అర్థంకానివాళ్ళు దేనికైనా తల ఊపేస్తారు. కనీసం రెండు ఆనవాళ్ళు సరిచూడాలన్నది అక్కడి నిబంధన. గది నంబరు అందులో లెక్కకు రాదు, ఎందుకంటే మంచాలు మారుతుంటాయి. మన పెద్దవాళ్ళతో ఇక్కడ ఒక చిక్కుంది. బళ్ళో వేసిన తేదీ ఒకటి, అసలు పుట్టినరోజు ఇంకొకటి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. పాస్‌పోర్టులో ఏ తేదీ ఉందో అదే చెప్పాలని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

పెద్దవాళ్ళను, అందులోనూ చావు కబురు చెప్పేటప్పుడు, ‘ఏ ప్రసాద్’ అని నిలదీయడం మర్యాదేనా అనవచ్చు. నిలదీయనక్కర్లేదు. ‘పాపం, ఆయన ఎక్కడుంటున్నారండీ ఈమధ్య? పిల్లలెవరు దగ్గరున్నారు?’ అని అడగడం మన పరామర్శలో మామూలే. జవాబులో మనిషి తెలిసిపోతాడు. బతికున్నవారి ఇంటికి సంతాపం ఫోను వెళ్ళడం కంటే ఇది అమర్యాద కాదు.

ఫోన్లోనే అన్నీ ఉన్నాయిగా అనేవారూ ఉన్నారు. యూపీఐలో డబ్బు పంపేముందు తెరమీద పేరు కనిపించే మాట నిజమే. ఇద్దరిదీ ఒకే పేరైతే మాత్రం ఆ పేరు కనబడటం ఊరట ఇస్తుందే గాని రుజువు ఇవ్వదు. పెద్ద మొత్తం పంపేముందు ఏ పదమూడు రూపాయలో పంపి, అంకె మీరు చెప్పకుండా, ‘ఎంత పడింది?’ అని ఫోన్లో అడగండి. ‘ఆఁ, పడ్డాయి పడ్డాయి’ అంటే చాలదు. పదమూడు అన్న మాట అవతలినుంచి వచ్చాకే మిగతాది పంపాలి.