ఫొటోలో జీలుగ ఏది, కలుపు ఏది?

తొలకరికి జీలుగ చల్లిన రైతు నెల తిరగ్గానే గట్టు మీద నిలబడి చేను ఫొటో తీస్తాడు. వ్యవసాయ సహాయకుడికో, తెలిసిన తోటి రైతుకో వాట్సాప్‌లో పంపి, "ఇదంతా జీలుగేనా అన్నా, మధ్యలో ఏదో తేడాగా ఉంది" అని అడుగుతాడు. ఫొటో నిండా సన్న ఆకుల పచ్చదనమే కనిపిస్తుంది. ఆ ఒక్క ఫొటో చూసి అవుననో కాదనో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నిజానికి దాన్ని చూసి ఏదీ చెప్పలేం. గట్టు మీంచి తీసిన ఫొటోలో చేను ఎంత ఒత్తుగా ఉందో తెలుస్తుంది తప్ప అందులో పెరిగిన మొక్క ఏదో తెలియదు.

దీనికి ముఖ్య కారణం ఒక కలుపు మొక్క. దాని శాస్త్రనామం ఈస్కినోమిని ఇండికా. దాన్నీ, దాని దగ్గరి జాతినీ మన ప్రాంతంలో జీలుగ బెండు అంటారు. ఇక్కడ కూడా ఆ పేరే వాడుకుందాం. వరి మళ్లలో, కాలువ గట్ల వెంట, నీళ్లు నిలిచే పల్లంలో అది దానంతటదే మొలుస్తుంది. పచ్చిరొట్టకు మనం చల్లే జీలుగ సెస్బేనియా జాతి మొక్క. రెండూ చిక్కుడు కుటుంబానివే. రెండింటికీ ఈనెకు అటూ ఇటూ జతలు జతలుగా సన్నటి చిట్టి ఆకులుంటాయి. పూలు కూడా రెండింటివీ పసుపే, వాటి మీద ఊదా రంగు చుక్కలో చారలో కూడా రెండింటికీ ఉండొచ్చు. అందుకే పూల రంగు చూసి తేల్చాలనుకునేవాళ్లు ఎక్కువగా పొరబడతారు.

తేడా మొదట ఆకు కొలతలో పట్టుబడుతుంది. బాగా ఎదిగిన జీలుగ ఆకు ఈనెతో కలిపి ఇంచుమించు జానెడు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పొడవు. దాని మీది చిట్టి ఆకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటుంది. జీలుగ బెండు ఆకు మొత్తం కలిపినా వేలెడు, లేదంటే అంతకు కాస్త ఎక్కువ. దాని చిట్టి ఆకు చాలావరకు సెంటీమీటరు దాటదు. అయితే ఫొటోకు సొంతంగా కొలత ఉండదు. దగ్గరి నుంచి తీస్తే వేలెడు ఆకు జానెడుగానూ, దూరం నుంచి తీస్తే జానెడు ఆకు వేలెడుగానూ కనిపిస్తుంది. కాబట్టి ఆకు వెనక అరచెయ్యి పెట్టి తీసిన ఫొటో ఒక్కటి, చేయి లేకుండా తీసిన పది ఫొటోల కన్నా ఎక్కువ చెబుతుంది. పెన్నో, రూపాయి బిళ్లో పెట్టినా సరే. ఆకును మాత్రం కాండం నడిమి భాగం నుంచి ఎంచుకోవాలి. కొసన ఉన్న లేత ఆకులు జీలుగకైనా పొట్టిగానే ఉంటాయి.

రెండో గుర్తు ఆకు కాండానికి అంటుకునే చోట ఉంటుంది. అక్కడ రెండు చిన్న రెక్కల్లాంటివి కనిపిస్తాయి. పాఠ్యపుస్తకాలు వాటిని పత్రపుచ్ఛాలంటాయి. జీలుగలో అవి అడుగున అంటుకుని పైకి ఉంటాయి, త్వరగా రాలిపోతాయి. జీలుగ బెండులో ఆ రెక్క అంటుకున్న చోటితో ఆగదు, కిందికి కూడా తోకలా సాగి ఉంటుంది. ముదురు కొమ్మ మీద ఇది దొరకదు కాబట్టి పై కొసన, కొత్త ఆకు విప్పుకునే చోట వెతకాలి. ఆ తోక ఫొటోలో స్పష్టంగా పడితే చాలు, నా దృష్టిలో ఇక వాదన అక్కర్లేదు.

కాండం గురించి కొంత జాగ్రత్త చెప్పాలి. జీలుగ కాండం మీద, ఆకు ఈనె మీద చిన్న మెత్తని ముళ్లుంటాయి. జీలుగ బెండుకు ముళ్లుండవు, దాని లేత కొమ్మల మీద బుడిపె మొదళ్లున్న జిగురు నూగు ఉంటుంది. చేత్తో తడిమితే తేడా తెలుస్తుంది గానీ, మసక ఫొటోలో రెండూ ఒకే గరుకులా కనిపిస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. నీళ్లు నిలిచిన చోట జీలుగ బెండు కాండం మీద నత్రజని బుడిపెలు వస్తాయి. పచ్చిరొట్టకే వేసే సెస్బేనియా రోస్ట్రేటా అనే ఆఫ్రికా జాతికి కూడా కాండం మీద బుడిపెలుంటాయి, అవి వరుసలు కట్టి ఉంటాయి. అందుకని కాండం మీద బుడిపెలున్నాయి కదా అని దాన్ని కలుపుగా తీసేయకూడదు. ఏ విత్తనం చల్లారో ముందు అడగాలి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. కృష్ణా డెల్టాలో కాలువ కింద ఎకరం చేను. జూన్ మొదట్లో పదీ పన్నెండు కిలోల జీలుగ చల్లారు, ఇప్పటికి ముప్పై రోజులు. మొదటి ఫొటో గట్టు మీంచి తీసింది. చేలో ఎక్కువ భాగం మోకాలు దాటి ఒకే ఎత్తులో ఉంది. తూము వైపు పల్లంలో ఒక పట్టీ మాత్రం పొట్టిగా, గుబురుగా ఉంది. చల్లిన పైరు ఒకే వయసులో ఉండాలి కాబట్టి ఇక్కడ అనుమానం మొదలవుతుంది. అయినా దీన్నే రుజువుగా తీసుకోకూడదు. జీలుగ గింజల్లో కొన్నింటి తొక్క గట్టిగా ఉండి వారం పది రోజులు ఆలస్యంగా మొలుస్తాయి. పల్లంలో నీరు నిలిచినా మొక్క గిడసబారుతుంది. కాబట్టి ఆ పట్టీ కలుపైనా కావచ్చు, వెనకబడిన జీలుగైనా కావచ్చు.

రెండో ఫొటోకు రైతు ఆ పట్టీలోంచి ఒక మొక్కను, మంచిగా ఉన్న చోటినుంచి ఇంకో మొక్కను వేళ్లతో సహా పీకి, పక్కపక్కన తెల్ల తువ్వాలు మీద పరిచాడు. ఒక్కోదాని నడిమి ఆకును కాండం నుంచి విడదీయకుండా అరచెయ్యి పక్కన పెట్టాడు. ఒక ఆకు మణికట్టు నుంచి మధ్యవేలి కొస వరకూ వచ్చింది. రెండోది చూపుడు వేలు పొడవు దాటలేదు. మూడో ఫొటో ఆ పొట్టి మొక్క పై కొసది. కొత్త ఆకు మొదట్లో కిందికి సాగిన తోక కనిపిస్తోంది. దీంతో తేలిపోయింది, పల్లంలో ఉన్నది జీలుగ బెండు. ఆకు పొట్టిగా ఉండి తోక కనిపించకపోయి ఉంటే, అది వెనకబడిన జీలుగ కావచ్చని చెప్పి వారం ఆగమనాల్సి వచ్చేది.

ఫొటో ఎప్పుడు తీశారన్నదీ ముఖ్యమే. జీలుగ బెండు చిట్టి ఆకులు ముట్టుకుంటే నెమ్మదిగా ముడుచుకుంటాయి, పొద్దుగూకితే మూసుకుంటాయి. అయితే జీలుగ ఆకులు కూడా రాత్రికి ముడుచుకుంటాయి. సాయంత్రం తీసిన ఫొటోలో ముడిచిన ఆకులు చూసి ఇది కలుపే అనడం అందుకే చెల్లదు. ఉదయం ఎండ కాస్త ఎక్కాక, గాలి లేనప్పుడు, మొక్కను తడమకుండా ముందు ఫొటో తీసి, తర్వాతే పీకాలి. ఫోన్‌ను మరీ దగ్గరికి తీసుకెళ్తే ఫోకస్ కుదరదు. జానెడు దూరంలో ఉంచి తీసి, తర్వాత అక్కర్లేని భాగం కత్తిరించుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గి, మనం వెతుకుతున్న తోకా ముళ్లూ అందులోనే కలిసిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

జీలుగతో కలిసిపోయే మిగతా మొక్కలు ఇంత ఇబ్బంది పెట్టవు. ఆకు కొస చూస్తే చాలు. జీలుగ ఆకు జతతోనే ముగుస్తుంది. వెంపలి, నీలి జాతి మొక్కల ఆకు కొసన ఒంటరి చిట్టి ఆకు ఉంటుంది. తగిరిసకు మూడే జతల వెడల్పు ఆకులు, కసివిందకు నాలుగైదు జతలు. జీలుగకు ఇరవై జతలకు తగ్గవు.

జనుము విషయంలో ఆకు మాత్రమే చూసి పొరబడటం తేలిక, ఎందుకంటే జనుముదీ గిలిగిచ్చల్లో కొన్నిటిదీ కూడా విడి ఆకే. అయితే జనుము ఆకు సన్నగా, పొడుగ్గా ఉండి కొస వైపు సన్నబడుతుంది. దాని మీద పట్టులాంటి నూగు ఉంటుంది, ఎండలో కాస్త మెరుస్తుంది. కాండం నిటారుగా, గీతలతో ఉంటుంది. క్రొటలేరియా రెట్యూసా అనే గిలిగిచ్చ ఆకు దీనికి తిరగబడినట్టు, మొదట్లో సన్నగా కొసన వెడల్పుగా ఉండి, చివర గుండ్రంగానో చిన్న నొక్కుతోనో ఆగుతుంది. ఆకు పై భాగం నున్నగా ఉంటుంది. కాయలకు నూగు ఉండదు, ముదిరాక నల్లబడతాయి. జనుము కాయ నూగుతో ఉంటుంది. ఇంకో గిలిగిచ్చ, క్రొటలేరియా వెర్రుకోసా, వెడల్పు ఆకులతో, నీలి ఊదా పూలతో ఉంటుంది, దాన్ని కలగలుపుకోవడం కష్టం. పచ్చిరొట్టగా దున్నేవాడికి ఈ తేడా పెద్దది కాదు. పశువుల మేతకు జనుము వేసుకునేవాళ్లకు మాత్రం చాలా పెద్దది. రెట్యూసా గింజల్లో మోనోక్రొటలీన్ అనే విషపదార్థం ఉంటుంది, అది పశువు కాలేయాన్ని పాడు చేస్తుంది. మేత చేను ఫొటోలో ఆకు కొస కనిపించకపోతే, మేతకు కోయమని ఎవరూ చెప్పకూడదు.

మళ్లీ మన పల్లపు పట్టీకి వద్దాం. జీలుగ బెండు కూడా నత్రజనిని పట్టుకునే మొక్కే కాబట్టి, కాయలు రాకముందే జీలుగతో కలిపి దున్నేస్తే నేలకు నష్టం లేదు. అందుకే ఫొటోలో పేరు తేలాక అడగాల్సిన తర్వాతి ప్రశ్న, దానికి కాయ పట్టిందా అని. జీలుగ కాయ దారంలా సన్నగా జానెడు దాకా పొడవు ఉంటుంది. జీలుగ బెండు కాయ మూడు నాలుగు సెంటీమీటర్లే, ఒక అంచు నిటారుగా, మరో అంచు గుండ్రటి నొక్కులతో ఉంటుంది. ముదిరితే ఆ నొక్కుల దగ్గర ముక్కలుగా విరిగి, ముక్కకో గింజతో రాలుతుంది. ఆ ముక్కలు నీటి మీద తేలతాయి. దమ్ము చేసేటప్పుడు తూము గుండా కింది మడిలోకి కూడా పోతాయి. పట్టీలో కాయ లేతగా కనిపిస్తే మిగతా చేనుకు పూత వచ్చే దాకా ఆగకుండా ఆ పట్టీని ముందుగా దున్నించాలి. కాయ ముదిరి ఉంటే మొక్కల్ని కోసి గట్టు దాటించి ఎండబెట్టాలి, నీళ్లు పెట్టేటప్పుడు తూము దగ్గర సన్న వల కట్టుకోవాలి. వరి నాటాక రెండు మూడు వారాలకు అదే మూల నుంచి మొలకల ఫొటో ఇంకోటి తీయాలి. అప్పుడు చూడాల్సింది బీజదళాల తర్వాత వచ్చే మొట్టమొదటి ఆకు. అది విడి ఆకుగా ఉంటే రాలిన జీలుగ గింజ మొలిచిందని అర్థం. మొదటి ఆకే జతల ఆకుగా వస్తే అది జీలుగ బెండు, కలుపు తీసే మనిషికి ఆ మొలకలే చూపించాలి.