అన్నీ అర్జెంటే అయిన పదకొండో తేదీ

సీఏ చదువుతూ ఆడిట్ ఆఫీసులో శిక్షణకు చేరినవాళ్లను అక్కడ ఆర్టికల్స్ అంటారు. ఆఫీసులో అందరికంటే చిన్నవాళ్లు కాబట్టి ఎవరైనా పని చెప్పచ్చు. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు. నెలలో 11వ తేదీన ఈ చిక్కు ముదురుతుంది. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే వ్యాపారులు కిందటి నెల అమ్మకాలను జీఎస్టీఆర్-1లో చూపడానికి అదే ఆఖరి రోజు.

విజయవాడలో ఓ మామూలు ఆఫీసు అనుకుందాం. ఉదయం పదింటికి ఆర్టికల్ అమ్మాయి వచ్చి కూర్చోగానే సార్ పిలిచారు. రైస్‌మిల్లు పార్టీ బ్యాంకు లోను పని మీద నాలుగింటికి వస్తున్నాడు, ప్రొవిజనల్ బ్యాలెన్స్ షీట్ కావాలి. రెండున్నర గంటల పని. జీఎస్టీ చూసే మేడమ్ బట్టల హోల్‌సేల్ పార్టీ జీఎస్టీఆర్-1 అప్పజెప్పారు. అది రెండు గంటలు. సీనియర్ ఆర్టికల్ మూడు ఖాతాల బ్యాంకు రీకన్సిలియేషన్ ఇచ్చి, ‘‘ఈరోజే కావాలమ్మా’’ అన్నాడు. దానికి నాలుగు గంటలు. మొత్తం ఎనిమిదిన్నర. ఆరున్నరకు ఆఫీసు కట్టేస్తారు. భోజనం పోను చేతిలో ఉన్నవి ఎనిమిదే.

ఇలాంటప్పుడు ఎక్కువమంది ముగ్గురికీ ‘సరే’ అనేసి, ఎవరికి ఎక్కువ భయపడతారో వాళ్ల పని ముందు పట్టుకుంటారు. సార్ పని వచ్చే వారానిదైనా సరే, మొదటి వరస దానిదే. హోదాను బట్టి వరస పెడితే గడువులు దారి తప్పుతాయి.

పనుల వరసను లెక్కలా చూసినవాళ్లు ఉన్నారు. గడువు ఏది ముందుంటే ఆ పని ముందు చేస్తే, అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమయ్యే పనికి జరిగే ఆలస్యం వీలైనంత తగ్గుతుందని అమెరికాలో జాక్సన్ అనే ఆయన 1955లో నిరూపించాడు. అయితే దానికి రెండు షరతులున్నాయి. గడువులు నిజమైనవై ఉండాలి, పనులన్నీ మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉండాలి. ఆఫీసులో ఈ రెండూ అరుదు.

అందుకే ముందు గడువును తవ్వాలి. ‘‘ఎప్పటికి కావాలి?’’ అని అడిగితే ‘‘ఈరోజే’’ అంటారు. ‘‘ఇది తీసుకుని మీరు ఎక్కడికెళ్తున్నారు అన్నా?’’ అంటే అసలు సంగతి బయటపడుతుంది. అతను రేపు పదకొండింటికి పార్టీ ఆఫీసుకు వెళ్తున్నాడు. అంటే రేపు పదిన్నరకు అందితే చాలు. సార్ పని నాలుగింటిది కాదు, ఆయన చూసి దిద్దాలి కాబట్టి మూడున్నరది. జీఎస్టీఆర్-1కు పోర్టల్ అర్ధరాత్రి దాకా సమయమిచ్చినా, మేడమ్ సరిచూడాలి, ఓటీపీ పార్టీ ఫోనుకు వెళ్తుంది, ఆఖరి సాయంత్రం సైట్ నత్తనడక నడవచ్చు. దాని గడువు ఆరు అనుకోవడం మంచిది.

ఆలస్యమైతే దెబ్బ ఎవరికన్నది కూడా చూడాలి. ఈ రిటర్న్ 11 దాటితే, సరుకు కొన్న దుకాణదారులకు 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బీలో ఆ బిల్లులు కనపడవు. 20లోగా పన్ను కట్టేటప్పుడు వాళ్లు ఆ క్రెడిట్ వాడుకోలేక చేతి డబ్బు పెట్టాలి. అప్పుడు వాళ్లు హోల్‌సేలర్ మీద పడతారు, ఆయన మేడమ్ మీద పడతాడు. రీకన్సిలియేషన్ ఒక పూట జరిగితే అంత గొడవ లేదు.

ఇక రెండో షరతు. బట్టల పార్టీ ఆఖరి వారం బిల్లులు ఇంకా పంపనేలేదు. కాబట్టి అమ్మాయి చేయాల్సిన మొదటి పని బ్యాలెన్స్ షీట్ కాదు, ఆ పార్టీ గుమస్తాకు ఫోన్. బిల్లులు అడిగి, ఓటీపీ వచ్చే ఫోను సాయంత్రం ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కోవాలి. అయిదు నిమిషాల పని. అతను బిల్లులు వెతుకుతున్నంతసేపూ ఆమె సార్ పని చేసుకుంటుంది. ఇతరుల చేతిలో నానాల్సిన పనిని ముందు కదిలించడం మర్చిపోతే, తర్వాత ఎంత చక్కటి వరస పెట్టినా లాభం లేదు.

ఈ వరసను మనసులో పెట్టుకోకూడదు. ముగ్గురూ ఒకేసారి చూసేలా మెసేజ్ పెట్టాలి: ‘‘సార్, బ్యాలెన్స్ షీట్ ఒంటిగంటకు మీ టేబుల్ మీద ఉంటుంది. మేడమ్, జీఎస్టీఆర్-1 నాలుగింటికి చెకింగ్‌కు ఇస్తాను. అన్నా, రెండు ఖాతాలు ఈరోజు, మూడోది రేపు పదిన్నరకల్లా. మార్చాలంటే చెప్పండి.’’ విడివిడిగా చెబితే ఎవరికి వారు తమ పనే ముందు అనుకుంటారు. ఒకేచోట చూస్తే పేచీ ఉన్నవాళ్లు తమలో తాము తేల్చుకుంటారు. నిజంగా రెండు గడువులు ఢీకొంటే ఏది వదలాలో ఆర్టికల్ నిర్ణయించకూడదు. ఆ ఇద్దరికీ పైనున్న సార్ చెప్పాలి. ఆమె చేయాల్సిందల్లా ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో, ఏది ఆగితే ఏమవుతుందో ఆయన ముందు పెట్టడం.

మధ్యాహ్నం రెండయ్యేసరికి బిల్లులు రాకపోతే మేడమ్‌కు అప్పుడే చెప్పాలి. ఉన్న బిల్లులతో వేసెయ్యాలా, పార్టీని గట్టిగా అడగాలా అని ఆలోచించడానికి ఆమెకు రెండింటికి నాలుగు గంటలుంటాయి. సాయంత్రం ఆరింటికి చెబితే ఏమీ ఉండదు.