ఆలస్యంగా వచ్చే వంట మాస్టర్‌కు హెచ్చరిక లేఖ

హోటల్‌లో వంట మాస్టర్ పదేపదే ఆలస్యంగా వస్తుంటే యజమాని రాసి ఇచ్చే హెచ్చరిక లేఖకు రెండు పనులున్నాయి. ఏ తేదీన ఎంత ఆలస్యమైంది, ఇకపై ఏం చేయాలి అన్నది మాస్టర్‌కు అనుమానం లేకుండా చెప్పడం మొదటిది. రేపు మాట పట్టింపు వస్తే చూపడానికి కాగితం మీద ఆధారం ఉంచుకోవడం రెండోది. కోపం తీర్చుకోవడం ఈ రెండింటిలోనూ లేదు. చాలా లేఖలు చెడిపోయేది అక్కడే.

పొద్దున్నే తెరిచే టిఫిన్ హోటల్‌నే తీసుకుందాం. తలుపులు ఆరింటికి తెరుస్తారు, మాస్టర్ డ్యూటీ నాలుగున్నరకు మొదలవుతుంది. ఆ గంటన్నరలో సాంబారుకు పప్పు ఉడకాలి, చట్నీలు రుబ్బాలి, ఇడ్లీ పాత్ర ఆవిరి పట్టి మొదటి వాయి దిగాలి. ముప్పావు గంట ఆలస్యమైతే ఆ నష్టాన్ని తర్వాత పూడ్చుకునే వీలుండదు, ఆరింటికి వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోతారు. ఆఫీసు గుమస్తా ఆలస్యానికీ దీనికీ ఉన్న ఈ తేడా లేఖలో కనిపించాలి.

లేఖకు ముందు చూడాల్సింది హాజరు పుస్తకం. చాలా హోటళ్లలో అందులో పేరుకు ఎదురుగా టిక్కు మాత్రమే ఉంటుంది. మనిషి వచ్చాడని అది చెబుతుంది, ఎప్పుడు వచ్చాడో చెప్పదు. వచ్చిన సమయం రాసి, పక్కన అతనితోనే సంతకం పెట్టించిన పుస్తకమైతేనే లేఖకు బలం. సమయం రాసే అలవాటు లేని హోటల్ ముందు ఆ అలవాటును అందరికీ మొదలుపెట్టి, కొన్ని వారాలు గడిచాకే లేఖ గురించి ఆలోచించాలి. అందరికీ అన్నమాట ముఖ్యం. దోసె మాస్టర్ ఆలస్యాన్ని చూసీచూడనట్టు వదిలేసి, ఇడ్లీ మాస్టర్‌కు మాత్రమే కాగితం ఇస్తే, అడిగే మొదటి ప్రశ్న దాని గురించే అవుతుంది.

ఈ హోటల్ పుస్తకంలో జూన్ నెల ఇలా ఉందనుకుందాం. 3న 5:05కు, 7న 5:10కి, 12న 4:55కు, 18న 5:20కి, 24న 5:15కు మాస్టర్ వచ్చాడు. అయిదు రోజుల్లో కలిపి 195 నిమిషాల ఆలస్యం. 13న యజమాని పక్కకు పిలిచి నోటితో చెప్పి, ఆ సంగతి అదే రోజు డైరీలో రాసుకున్నాడు. ఆ తర్వాత కూడా రెండుసార్లు ఆలస్యమైంది కాబట్టి ఇక కాగితం అవసరం.

అయితే ముందుగా వెళ్లాల్సింది హెచ్చరిక కాదు, సంజాయిషీ అడిగే మెమో. ఆ అయిదు తేదీలూ సమయాలూ చూపి, మూడు రోజుల్లో కారణం చెప్పమంటే చాలు. ఈ మెట్టు దాటేసి నేరుగా హెచ్చరిస్తే, వినకుండానే తీర్పు చెప్పినట్టవుతుంది. పైగా జవాబులో యజమానికి తెలియని విషయం ఉండవచ్చు. ముందు రాత్రి పదకొండింటి దాకా గిన్నెలు సర్దించి, మళ్లీ నాలుగున్నరకు రమ్మంటే తప్పు డ్యూటీ చార్టుదే. ఈ మాస్టర్ మేలో ఇల్లు మారాడు, అక్కడి నుంచి మొదటి బస్సు 4:50కి. కారణం నిజమే, కానీ దాన్ని ముందుగా చెప్పలేదు, దారీ వెతకలేదు. హెచ్చరిక ఇవ్వచ్చు, కారణాన్ని మాత్రం లేఖలో గుర్తించాలి.

జూన్ 30న ఇచ్చే లేఖ ఇలా ఉండవచ్చు:

"గారికి నమస్కారం. మీ డ్యూటీ ఉదయం 4:30కు మొదలవుతుంది. జూన్ 3, 7, 12, 18, 24 తేదీల్లో మీరు వరుసగా 35, 40, 25, 50, 45 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఈ సమయాల పక్కన మీ సంతకాలున్నాయి. జూన్ 13న ఈ విషయం మీతో మాట్లాడాం. 18న మొదటి వాయి ఇడ్లీ 6:35కు గానీ దిగలేదు. జూన్ 25 నాటి మెమోకు 27న మీరిచ్చిన జవాబు చదివాం. ఇల్లు మారడం వల్ల బస్సు ఇబ్బంది ఉందన్నారు. హోటల్ వెనక గదిలో రాత్రి ఉండే వీలు కల్పిస్తున్నాం, అక్కర్లేదనుకుంటే మీరే వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. జూలై 1 నుంచి 4:30కల్లా డ్యూటీలో ఉండాలి. తప్పనిసరై ఆలస్యమయ్యే రోజు నాలుగింటిలోపు ఫోన్ చేయాలి. సెప్టెంబరు 30 దాకా మీ హాజరును గమనిస్తాం. ఈలోగా కారణం లేకుండా మళ్లీ ఆలస్యమైతే క్రమశిక్షణ చర్య తీసుకోవాల్సి వస్తుంది. మీ వంట మీద ఎలాంటి ఫిర్యాదూ లేదు. ఈ లేఖ రాక సమయం గురించి మాత్రమే."

ఇందులో బద్ధకం, నిర్లక్ష్యం, పొగరు వంటి మాటలు లేకపోవడం గమనించాలి. 5:20కి రావడం రుజువు చేయగలిగిన సంగతి, బద్ధకం రుజువు చేయలేని అభిప్రాయం. చివరి వాక్యాలు మర్యాద కోసం పెట్టినవే అయినా వాటికి ఒక ఉపయోగం కూడా ఉంది, విషయం ఆలస్యం దగ్గరే ఆగుతుంది. "ఇదే చివరి హెచ్చరిక" అని మొదటి లేఖలోనే రాయడం మంచిది కాదు. అలా రాసి, తర్వాత ఆలస్యమైనా ఊరుకుంటే, రెండో లేఖను ఎవరూ పట్టించుకోరు.

లేఖను మాస్టర్ చదవగలిగే భాషలో రాయాలి. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన మాస్టర్లు తెలుగు మాట్లాడినా చదవలేకపోవచ్చు. అలాంటప్పుడు సాక్షి ఎదుట అతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, అలా వినిపించినట్టు కిందనే రాసి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఇచ్చే వేళ కూడా చూసుకోవాలి. టిఫిన్ల రద్దీ తగ్గాక, కౌంటర్ దగ్గర కాకుండా వేరుగా కూర్చోబెట్టి ఇస్తే గౌరవంగా ఉంటుంది. వంటగది గోడకు అంటించడం, సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పెట్టడం అవమానించడమే. రెండో ప్రతి మీద "అందింది" అని రాయించుకోవాలి, ఆ సంతకం అందినట్టే గానీ తప్పు ఒప్పుకున్నట్టు కాదని మాస్టర్‌కు చెప్పాలి. అయినా తీసుకోనంటే బలవంతం చేయకుండా, తీసుకోలేదని ఇద్దరు సాక్షులతో రాయించి, అదే లేఖను స్పీడ్ పోస్టులో ఇంటికి పంపాలి.

జీతం కోత విషయంలో యజమానులు తరచూ పొరబడతారు. అరగంట ఆలస్యానికి పూటంతా కోయడం కుదరదు. పని చేయని సమయానికి తగ్గంత మాత్రమే కోయవచ్చు. రోజుకు ఎనిమిది గంటల లెక్కన 195 నిమిషాలంటే అరరోజు జీతం కన్నా తక్కువ. జరిమానా వేరే సంగతి, దానికి ముందుగా ప్రకటించిన నియమం, సంజాయిషీకి అవకాశం ఉండాలి, అదీ ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు.

సెప్టెంబరు 30 దాకా సమయానికి వస్తే, గడువు ముగిసిందని ఫైలులో ఒక ముక్క రాసి మాస్టర్‌కు చెప్పాలి. రెండేళ్ల తర్వాత పాత కాగితం తీసి బెదిరించడం అప్పుడు కుదరదు. ఆలస్యాలు ఆగకపోతే తర్వాతి మెట్టు అభియోగాలు రాసిన చార్జి మెమో, ఆపైన విచారణ. పుస్తకాన్నీ లేఖలనూ మాస్టర్‌కు చూపించి, అతని మాట, అతని సాక్షుల మాట విని రికార్డు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హోటళ్లకు వర్తించే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం, ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా, నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు గానీ దాని బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. నోటీసు లేకుండా తొలగించాలంటే దుష్ప్రవర్తన విచారణలో రుజువై ఉండాలి. ఆ విచారణలో మొదట బయటికి తీసేవి మాస్టర్ సంతకాలున్న హాజరు పుస్తకం, అతను "అందింది" అని రాసిచ్చిన లేఖ ప్రతి.