వెయ్యిలో ఒక వంతు వివరణ, సగానికి తగ్గిన ముప్పు

1988లో అమెరికా పరిశోధకులు 22,071 మంది వైద్యులపై జరిపిన పరీక్ష ఫలితాలు వెల్లడించారు. ఆస్పిరిన్ వేసుకున్న 11,037 మందిలో 104 మందికి గుండెపోటు వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 11,034 మందిలో 189 మందికి వచ్చింది. అంటే ముప్పు దాదాపు సగమైంది.

ఇవే అంకెలతో రిగ్రెషన్ వేస్తే ఆర్-స్క్వేర్ 0.001 దగ్గరే ఆగుతుంది. ఎవరికి పోటు వచ్చింది, ఎవరికి రాలేదు అన్న తేడాలో మాత్ర వివరించేది వెయ్యోవంతే. మిగతాదంతా వయసు, రక్తపోటు, పొగతాగడం లాంటివాటితో పాటు యాదృచ్ఛికత పని. పైగా పోటు అరుదు కాబట్టి ఈ అంకె పెద్దగా పెరగదు.

ఫలానా వ్యక్తికి పోటు వస్తుందా అని ఈ సమీకరణాన్ని అడిగితే చెప్పలేదు. ఆర్-స్క్వేర్ హెచ్చరించేది అదే. మాత్ర పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వాలులో ఉంది: వెయ్యిమందికి సుమారు 8 గుండెపోట్లు తక్కువ.