ఒక మందు దిగుతుండగా మరో మందు ఎక్కే వారాలు

డిప్రెషన్‌కు వాడుతున్న మందును మెల్లగా తగ్గిస్తూ, అదే రోజుల్లో మరో మందును చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ పోయే పద్ధతికి వైద్యులు పెట్టుకున్న పేరు క్రాస్ టేపరింగ్. కొన్ని వారాలపాటు రెండు మందులూ ఒంట్లో కలిసే ఉంటాయి. మేలైనా, ముప్పైనా ఆ కలిసి ఉన్న రోజుల్లోనే ఉంటుంది. పాత మందును ఒక్కసారి ఆపేస్తే ఒళ్లు తట్టుకోలేదు. రెండింటినీ నిండు మోతాదులో కలిపితే సెరటోనిన్ మితిమీరుతుంది. ఈ రెండింటి మధ్య సాగాల్సిన మార్పు ఇది. మానసిక వైద్యనిపుణుడు దగ్గర్లో లేని చోట దీన్ని ఊళ్లోని మామూలు డాక్టరే నడిపించాల్సి వస్తుంది.

మందు మార్చిన ప్రతిసారీ ఈ పద్ధతి అక్కర్లేదు. ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రాలిన్ ఒకే జాతి మందులు. నాడీకణం బయటికి వదిలిన సెరటోనిన్‌ను మళ్లీ లోపలికి లాక్కోకుండా రెండూ ఒకే చోట అడ్డుపడతాయి. అందుకే ఒకటి ఇవాళ ఆపి, రెండోది రేపు మొదలుపెట్టినా చాలామందికి ఇబ్బంది ఉండదు. మిర్టాజపిన్ దారి వేరు. సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ విడుదలను అదుపు చేసే బ్రేకును అది సడలిస్తుంది తప్ప, ఎస్సిటలోప్రామ్ అడ్డుపడే చోటును ముట్టుకోదు. ఎస్సిటలోప్రామ్ ఆగినప్పుడు వచ్చే బాధలను కొత్త మందు పూర్తిగా కాయలేదు కాబట్టి, పాతదాన్ని మెల్లగానే దించాలి.

ఉదాహరణకు 52 ఏళ్ల టీచరు ఒకరు రెండు నెలలుగా రోజుకు 20 మి.గ్రా. ఎస్సిటలోప్రామ్ వేసుకుంటున్నారనుకుందాం. దిగులు కొంత తగ్గింది కానీ నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. నిద్రనూ ఆకలినీ పెంచే గుణమున్న మిర్టాజపిన్‌కు మార్చాలని డాక్టరు అనుకున్నారు. చీటీ రాసే ముందు ఆయన తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఆ టీచరు మాత్ర నిజంగా రోజూ వేసుకుంటున్నారా అన్నది. వారానికి మూడు రోజులు మానేసే మనిషికి మందు పనిచేయలేదని చెప్పడానికి లేదు. రెండోది, గతంలో ఎప్పుడైనా నిద్ర అవసరమే లేనంత హుషారు, విపరీతమైన ఖర్చు, ఆగని మాటలు రోజుల తరబడి ఉన్నాయా అన్నది. ఉంటే అది బైపోలార్ కావచ్చు, ఆ మార్పు నిపుణుడి చేతిలోనే జరగాలి. మూడోది, వేరే డాక్టరు రాసిన మందులు. ఈ టీచరు మోకాళ్ల నొప్పులకు ట్రమడాల్ వాడుతున్నట్టు తేలింది. అది కూడా సెరటోనిన్‌ను పెంచే మందే. ముందుగా దాని బదులు పారాసిటమాల్ ఇచ్చి, ఆ తర్వాతే మార్పు మొదలుపెట్టడం మేలు.

మొదటి వారం ఎస్సిటలోప్రామ్ 20 నుంచి 10కి దిగుతుంది. రాత్రి పడుకునే ముందు మిర్టాజపిన్ 15 మి.గ్రా. మొదలవుతుంది. రెండో వారం పాతది 10 దగ్గరే ఆగుతుంది. కొత్తది సరిపడితే 30కి పెరుగుతుంది. మూడో వారం పాతది 5, కొత్తది 30. నాలుగో వారం పాతది ఆగుతుంది. ఇది రెండు నెలలు వాడిన మనిషికి సరిపడే వేగం. ఏళ్ల తరబడి వాడినవారికి ఇదే దారిని నెలల మీద నడపాలి.

ఇందులో అందరూ తేలిగ్గా తీసుకునేది చివరి మెట్టు. 20 నుంచి 10కి దిగడం పెద్ద మార్పనీ, 5 నుంచి సున్నాకు దిగడం చిన్న మార్పనీ అనిపిస్తుంది. మెదడులో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. చిన్న మోతాదు కూడా సెరటోనిన్‌ను లాక్కునే చోట్లలో చాలా భాగాన్ని పట్టి ఉంచుతుంది. మోతాదు పెంచేకొద్దీ అదనంగా పట్టేది తక్కువ. కాబట్టి సగానికి దించినా పట్టు పెద్దగా సడలదు, ఆఖరి కొద్ది మిల్లీగ్రాములు పోయినప్పుడే ఒక్కసారిగా జారిపోతుంది. మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఈ లెక్కను వివరించి, కిందికి వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి కావాలని సూచించారు.

మోతాదు తగ్గిన రెండు మూడు రోజులకు టీచరుకు తల తిరుగుడు, వికారం, పీడకలలు, కళ్లు తిప్పితే తలలో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం మొదలైతే జబ్బు తిరగబెట్టిందని కంగారుపడకూడదు. అవి మందు తగ్గినందువల్ల వచ్చే బాధలు. తగ్గించిన కొద్ది రోజుల్లోనే వస్తాయి. ముందటి మోతాదు మళ్లీ ఇస్తే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు సర్దుకుంటాయి. తిరగబెట్టే డిప్రెషన్ అలా రాదు. అది కొన్ని వారాల మీద మెల్లగా కమ్ముకుంటుంది, అందులో కరెంటు షాకులు ఉండవు. ఈ తేడా పట్టుకోకపోతే అక్కర్లేని మందులు చీటీ మీద పెరుగుతూ పోతాయి.

సెరటోనిన్ మితిమీరితే వచ్చే ముప్పు వేరు. మోతాదు పెంచిన ఒక రోజులోపే ఒళ్లంతా చెమట, వణుకు, కాలు నిలవనీయని అలజడి, విరేచనాలు కనిపించవచ్చు. డాక్టరు రోగి పాదాన్ని ఒక్కసారి పైకి నెట్టి పట్టుకుంటే, అది దానంతటదే టకటకా కొట్టుకోవడం గట్టి గుర్తు. అప్పుడు రెండు మందులూ ఆపి వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఎస్సిటలోప్రామ్, మిర్టాజపిన్ జంటలో ఇది అరుదు. ట్రమడాల్ లాంటిది మూడోదిగా చేరితే అవకాశం పెరుగుతుంది. మందు మారే వారాల్లో ప్రతిసారీ ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగాలి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

మన మెడికల్ షాపుల్లో ఎస్సిటలోప్రామ్, క్లొనజెపామ్ కలిపిన మాత్రలు విరివిగా దొరుకుతాయి. రోగికి అది ఒకే మాత్ర, ఒకే పేరు. దాన్ని సగం చేస్తే నిద్రమాత్ర జాతికి చెందిన క్లొనజెపామ్ కూడా సగమవుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే అట్టపెట్టె తెప్పించుకుని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవడం డాక్టరు మొదట చేయాల్సిన పని. కలిపిన మాత్రను రెండు విడి మాత్రలుగా మార్చి, ముందు ఎస్సిటలోప్రామ్ మార్పు పూర్తిచేసి, క్లొనజెపామ్‌ను ఆ తర్వాత విడిగా దించాలి. ఒకేసారి రెండూ దించితే ఏ బాధ దేనివల్లో తెలియదు.

ఫ్లూఆక్సెటిన్‌కు ఈ లెక్కలు వర్తించవు. మామూలు మోతాదులో దాన్ని ఆపినా, కాలేయంలో దాని నుంచి తయారయ్యే పదార్థంతో సహా వారాలపాటు ఒంట్లో ఉంటుంది, తనంతట తానే మెల్లగా దిగుతుంది. చిక్కు మరో చోట ఉంది. అమిట్రిప్టిలిన్‌ను విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఫ్లూఆక్సెటిన్ ఆపిన కొన్ని రోజులకే అమిట్రిప్టిలిన్ మామూలు మోతాదులో ఇస్తే, రక్తంలో అది కొన్ని రెట్లు పేరుకుంటుంది. నోరు పిడచగట్టడం, మూత్రం బిగుసుకోవడం, మత్తు, గుండె దడ దానికి గుర్తులు. అందుకే అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, వారాల మీద పెంచి, గుండె జబ్బు ఉన్నవారికి ఈసీజీ తీయించాలి.

ఎంఏఓ ఎంజైమును ఆపే మందుల విషయంలో క్రాస్ టేపరింగ్ అసలే కూడదు. ఎక్కువ ఎస్.ఎస్.ఆర్.ఐ.లు ఆపాక రెండు వారాలు, ఫ్లూఆక్సెటిన్ ఆపాక అయిదు వారాలు ఖాళీ ఉండాలి. ఈ మందులు ఇప్పుడు డిప్రెషన్‌కు అరుదే. అయితే మందులకు లొంగని క్షయకు ఇచ్చే లినజోలిడ్‌కు ఈ గుణం కొంత ఉంది. ఛాతీ డాక్టరు ఒక చీటీ, కుటుంబ డాక్టరు ఒక చీటీ రాసే చోట, ఈ రెండూ ఒకరి ఒంట్లో కలిసే వీలుంది.