వీడ్కోలు సభకు తొమ్మిది ఫొటోలు

సైన్స్ మాస్టారు రిటైరవుతున్నారనుకుందాం. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ‘సార్ ఫొటోలుంటే పెట్టండి’ అని అడిగితే సాయంత్రానికి అరవై దాకా వస్తాయి. దాదాపు అన్నీ ఈ పదేళ్లలోవే, సగం శాలువా కప్పుతున్నవే. ఇప్పుడు రిటైరయ్యేవాళ్ల సర్వీసులో మొదటి భాగం ఫిల్ము రోళ్ల కాలంలో గడిచింది. ఆ భాగం ఇంట్లో ఆల్బముల్లో ఉంటుంది. వచ్చినవాటితోనే సరిపెడితే తెర మీద మాస్టారికి యౌవనమే ఉండదు. అందుకే రెండు వారాల ముందే వాళ్లింటికి వెళ్లాలి. ఆల్బం తిరగేస్తుంటే అమ్మగారు చెప్పే కబుర్లే ప్రసంగానికి సరుకు. కాలం చేసినవాళ్లున్న ఫొటో చూపించవచ్చో లేదో కూడా అప్పుడే అడగాలి.

పాత ఫొటోను కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిక్కదనం తగ్గి పెద్ద తెర మీద మసకబారుతుంది. డాక్యుమెంటుగా పంపించుకోవాలి. ఇలా తీసిన ఫొటోకు ఫోను ఇవాళ్టి తేదీ వేస్తుంది. తేదీల వారీగా పేర్చమంటే పాతికేళ్ల కుర్రాడు అరవై ఏళ్ల పెద్దమనిషి తర్వాత వచ్చి కూర్చుంటాడు. పేర్లకు ముందు 01, 02 అని మనమే అంకెలు వేసుకోవడం మేలు.

ఆరు నిమిషాల ప్రసంగానికి తొమ్మిది ఫొటోలు చాలు. ఏరడానికి నేను నమ్మే పరీక్ష ఒకటే: ఫొటోలో కనపడని సంగతి ఒక్కటైనా చెప్పగలమా? శాలువా ఫొటో దగ్గర చెప్పడానికేమీ ఉండదు. ల్యాబ్‌లో విరిగిన స్టాండుకు తీగ చుడుతున్న ఫొటో వంకరగా ఉన్నా సరే, ఆ ఏడాది పరికరాలకు డబ్బు రాకపోతే పదో తరగతి ప్రయోగాలు ఎలా నడిచాయో చెప్పవచ్చు. యాభై మంది గ్రూపు ఫొటోలో మొహాలు కందిగింజలంతే. అందులో మాస్టారిని, పక్క ఇద్దరిని కత్తిరించి చూపాలి.

పుట్టుక నుంచి వరసగా పోతే మూడో ఫొటోకే హాలుకు తర్వాతేమిటో తెలిసిపోతుంది. మొదట అందరికీ తెలిసిన మాస్టారు: పోయిన నెల, చేతికి సుద్దతో, ల్యాబ్ గుమ్మంలో. వెంటనే ఉద్యోగంలో చేరిన కొత్తలోది. ఆ దూకుడుకే హాల్లో నవ్వులు లేస్తాయి. అవి ఆగేదాకా మాట్లాడకూడదు. మధ్య ఫొటోలను తేదీలతో కాకుండా ల్యాబ్ కథతో కలపాలి: ఖాళీ బీరువా, తీగ చుట్టిన స్టాండు, పిల్లలు చేసిన నమూనాలు. ఇల్లు, పెళ్లి, మనవలు ఒక్క ఫొటోలో సరిపోతాయి. చివరిది ఇప్పటి స్టాఫంతా ఉన్నది.

స్లైడ్లు వాటంతటవే మారేలా పెడితే మాట ఒకచోట, బొమ్మ ఒకచోట అవుతాయి. ఎవరో ఒకరు మన వాక్యం విని నొక్కాలి. వాళ్లతో ఒకసారి అదే హాల్లో, అదే ప్రొజెక్టరుతో సాధన చేయాలి. చివరి ఫొటో అయ్యాక పవర్‌పాయింట్‌లో B నొక్కితే తెర నల్లబడుతుంది. లేకపోతే మాస్టారు మాట్లాడడానికి లేచినప్పుడు ప్రొజెక్టరు వెలుగు ఆయన కళ్లలో పడుతుంది.