మందు కాగితం – పెద్దక్షరాలు



మందుల డబ్బా విప్పితే మడతలు మడతలుగా ఒక పల్చటి కాగితం బయటికొస్తుంది చూశారూ, దాన్ని మనలో ఎంతమంది చదువుతాం? మనకే కళ్ళు చికిలించాల్సి వస్తే, డెబ్భై దాటిన అత్తగారికో అమ్మకో అదేం కనిపిస్తుంది చెప్పండి?

మా అత్తయ్యకి థైరాయిడ్ మాత్ర రాశారు. మూడు నెలలు ఒక్క రోజు తప్పకుండా వేసుకున్నా రక్తపరీక్షలో అంకె దిగలేదు. మోతాదు పెంచబోతూ డాక్టరుగారు, "దేంతో వేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. తీరా చూస్తే కాఫీతో! పక్కనే కాల్షియం మాత్ర కూడానూ. ఆ రెండూ థైరాయిడ్ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఆ సంగతి కాగితంలో ఉంది, కానీ ఆవిడ కంటికి ఆనితేగా! ఆ రోజే ఇంటికొచ్చి ఆవిడకు వేరే కాగితం తయారుచేశాను.

ముందు అక్షరం సంగతి. అచ్చు అక్షరాన్ని పాయింట్లలో కొలుస్తారు; 72 పాయింట్లు ఒక అంగుళం. చూపు తగ్గినవాళ్ళకు 16 నుంచి 18 పాయింట్లు కావాలి. చేత్తో రాస్తే అక్షరం అర సెంటీమీటరు ఎత్తుండాలి. మన తెలుగులో ఇంకో చిక్కుంది. పైన గుడులు, కింద ఒత్తులు. వరుసలు దగ్గరగా ఉంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకి రెండూ అలికేసినట్టవుతాయి. అందుకని రూళ్ళ కాగితంలో ఒక గీత వదిలి ఒక గీత రాయండి.

పెద్దవి చేయమన్నాను కదా అని మరీ పెద్దవి చేయకండి. నీటికాసుల జబ్బుతో పక్కచూపు పోయినవాళ్ళకు ఒకేసారి కొంత మేరే కనిపిస్తుంది. అక్షరం మరీ పెద్దదైతే ఒక్క మాటే కంటబడి, వాక్యం అందదు. వరుసలు పొట్టిగా ఉండి, ఎడమవైపు అన్నీ ఒకే చోట మొదలవ్వాలి.

కాగితం నున్నగా మెరవకూడదు. శుక్లాలున్న కంటికి ఆ మెరుపే అడ్డు. వెనకవైపు రాత ఇవతలికి కనిపించకుండా ఒక పక్కనే రాయండి. సిరా నల్లదే వాడండి. ముఖ్యమైన మాట కింద ఎర్రగీత కాదు, లావుపాటి నల్లగీత గీయండి.

ఇక మాటల ఎంపిక. 'వేసుకోండి', 'వేసుకోకండి' – మధ్యలో ఒక్క 'క' తేడా. మసక కంటికి అది జారిపోతే అర్థం తలకిందులు! అందుకని వద్దన్న దాన్ని కూడా చెయ్యవలసిన పనిగా మార్చి రాయండి. అలాగే 'మై.గ్రా.', 'మి.గ్రా.' మధ్య తేడా ఒక్క గుణింతమే, కానీ మోతాదులో అది వెయ్యి రెట్లు. పూర్తిగా 'మైక్రోగ్రాములు' అని రాయాల్సిందే. '0.5' అని కాకుండా 'అర మాత్ర' అనండి.

మా అత్తయ్య కాగితం ఇలా వచ్చింది:

థైరాయిడ్ మాత్ర (50 మైక్రోగ్రాములు)
ఉదయం 6 గంటలు: ఒక మాత్ర, మంచినీళ్ళతో.
కాఫీ, టిఫిను: 7 గంటలకు.
కాల్షియం మాత్ర: మధ్యాహ్నం 1 గంటకు, భోజనం చేశాక.
ఒక రోజు మరిచిపోతే: మర్నాడు ఒక్కటే మాత్ర.

థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి; ఒంటిగంట అని పెట్టింది అందుకే. రాసింది డాక్టరుగారికి చూపించి, అడుగున తేదీ వేశాను.

అయిపోయాక "కనిపిస్తోందా అత్తయ్యా?" అని అడిగాను. "ఆఁ, కనిపిస్తోందే" అన్నారు. పెద్దవాళ్ళు మొహమాటానికి అలాగే అంటారు. అలా కాదని, "రేపు మాత్ర మరిచిపోయారనుకోండి, ఎల్లుండి ఎన్ని వేసుకోవాలి? కాగితంలో చూపించండి" అన్నాను. వేలు మొదట కాల్షియం దగ్గర ఆగింది! రెండు వరుసలూ మరీ దగ్గరగా రాశానన్నమాట. మధ్య గీత కొట్టి, ఎడం పెంచి మళ్ళీ రాశాను. ఈసారి వేలు నేరుగా వెళ్ళింది. అదే అసలు పరీక్ష. అది కూడా ఆవిడ రోజూ మాత్ర వేసుకునే చోటే, ఆ వెలుతురులోనే, ఆ కళ్ళజోడుతోనే చేయాలి.

ఒక్క మాట. డబ్బాలోని అసలు కాగితం పారేయకండి. దుష్ఫలితాలన్నీ అందులోనే ఉంటాయి. డాక్టరుగారు మోతాదు మారిస్తే మన కాగితంలో కొట్టివేతలు, దిద్దుబాట్లు పెట్టకుండా కొత్తది రాసి, పాతది చింపేయండి. రెండు కాగితాలుంటే ఆవిడ చేతికి పాతదే వస్తుంది మరి!

ఉంటాను, సెలవు.